50 కార్లుంటే 48తో భాగించడమేమిటి?

సిరి_నెల్లూరు: R ఇప్పుడే మొదలుపెట్టాను, స్టాటిస్టిక్స్ అస్సలు రాదు. అందులోనే ఉండే cars డేటాతో వేగాన్ని బట్టి కారు ఎంత దూరంలో ఆగుతుందో రిగ్రెషన్ వేశాను. కింద ఈ లైన్ వచ్చింది: `Residual standard error: 15.38 on 48 degrees of freedom`. వరసలు 50 ఉన్నాయి కదా, 48 ఎక్కడిది? 15.38 అంటే ఏమిటి?

వీరబాబు: శాంపిల్ అన్నాక ఎప్పుడూ ఒకటి తీసేసి భాగించాలండి, అది రూలు. కాబట్టి 49 రావాలి. 48 వచ్చిందంటే మీ డేటాలో ఒక వరస ఖాళీగా ఉండి ఉంటుంది, చూసుకోండి.

కృష్ణలంక_లెక్కలు: ఖాళీ వరసలేమీ లేవు వీరబాబు గారూ. ఒకటి తీసేయడం సగటు ఒక్కటే లెక్కగట్టినప్పటి సంగతి. ఇక్కడ గీత గీయడానికి డేటా నుంచి రెండు సంఖ్యలు తీసుకున్నాం, గీత ఎక్కడ మొదలవుతుంది, ఎంత ఏటవాలుగా ఉంటుంది అని.

సిరి గారూ, 50 పక్కన పెట్టి మూడు చుక్కలతో చూడండి. x విలువలు 1, 2, 3. y విలువలు 2, 4, 3. వీటికి దగ్గరగా పోయే గీత 2 + 0.5x. అది చెప్పే విలువలు 2.5, 3, 3.5. అసలు విలువల్లోంచి వీటిని తీసేస్తే మిగిలేవి −0.5, 1, −0.5. ఇవే రెసిడ్యువల్స్.

ఇప్పుడు వాటిని కూడండి, సున్నా. ఒక్కోదాన్ని దాని xతో గుణించి కూడండి, −0.5 + 2 − 1.5, మళ్ళీ సున్నా. ఇది యాదృచ్ఛికం కాదు, దగ్గరి గీతను వెతికే పద్ధతే ఈ రెండు షరతులూ పెడుతుంది. అందుకే మొదటిది −0.5 అని నేను చెబితే మిగతా రెండూ మీరే కట్టేయొచ్చు. మూడు సంఖ్యలు కనిపిస్తున్నా ఇష్టం వచ్చినట్టు ఉండగలిగేది ఒక్కటే. 50 కార్లలో అలా 48, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అంటే అదే.

సిరి_నెల్లూరు: కూడి చూశాను, నిజమే సున్నా వస్తోంది! మరి 15.38 అంటే 15 శాతం తప్పు అనా?

కృష్ణలంక_లెక్కలు: శాతం కాదండి, అడుగులు. ఈ డేటాలో ఆగే దూరం అడుగుల్లో ఉంది. ఒకే వేగంతో వచ్చిన కార్లు గీతకు అటూ ఇటూ సుమారు ఎన్ని అడుగుల తేడాతో ఆగుతాయో దాని అంచనా అది. రెసిడ్యువల్స్‌ను వర్గం చేసి కూడితే దాదాపు 11,354. దాన్ని 48తో భాగించి వర్గమూలం తీస్తే 15.38.

డేటా_దొర: ఇంత పురాణం అక్కర్లేదు. తప్పులు 50 ఉన్నాయి, సగటు తప్పు కావాలంటే 50తోనే భాగిస్తారు. 15.07 వస్తుంది. ఒక అడుగులో మూడో వంతు తేడాకి కొత్తవాళ్ళని భయపెట్టడం దేనికి? మాక్సిమమ్ లైక్లీహుడ్ అనే అంచనా పద్ధతి భాగించేది కూడా n తోనే, అంటే మొత్తం వరసల సంఖ్యతోనే.

పద్మ_ఎమ్మెస్సీ: మూడో వంతు అడుగుకే నా ప్రాక్టికల్ మార్కులు పోయాయి సార్. ఎక్సెల్‌లో రెసిడ్యువల్స్ కాలమ్ మీద STDEV.S వేశాను. తప్పు అని ఎర్ర గీత కొట్టారు, ఎందుకో ఒక్క ముక్క చెప్పలేదు. STEYX అనే ఫంక్షన్ ఉందని చదువు అయిపోయాక తెలిసింది.

కృష్ణలంక_లెక్కలు: STDEV.S ఒకటే తీసేసి భాగిస్తుంది, STEYX రెండు తీసేస్తుంది. సిరి గారు R లో మూడూ పక్కపక్కన చూడొచ్చు:

```
m <- lm(dist ~ speed, data = cars)
sqrt(mean(resid(m)^2))   # 15.07
sd(resid(m))             # 15.22
sigma(m)                 # 15.38
```

దొర గారూ, మాక్సిమమ్ లైక్లీహుడ్ సంగతి నిజమే. కానీ ఆ అంచనా సగటున తక్కువ వస్తుందని కూడా చెప్పాలి కదా. ఈ చుక్కలకు వీలైనంత దగ్గరగా ఉండాలనే గీతను గీశాం. అసలు గీత ఎక్కడుందో మనకు తెలియదు, దాని నుంచి కొలిస్తే వర్గాల మొత్తం ఇంతకంటే తగ్గదు, మామూలుగా ఎక్కువే ఉంటుంది. 48తో భాగించడం ఆ లోటును పూడ్చడానికే.

డేటా_దొర: 50కీ 48కీ లోటు ఏపాటిదండీ. పదేళ్ళుగా మోడల్స్ కడుతున్నా, ఒక్క క్లయింటూ 48 అడగలేదు.

కృష్ణలంక_లెక్కలు: క్లయింటు అడగకపోతే లెక్క మారుతుందా? రెండు చుక్కలకు గీత గీయండి. రెండింటి మీదుగానూ పోతుంది. మీ పద్ధతిలో తప్పు సున్నా, అంటే ఆ మోడల్ పర్‌ఫెక్ట్! డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ సున్నా కాబట్టి R మాత్రం తప్పు ఎంతో చెప్పలేనంటుంది. ఎవరిది నిజాయితీ?

డేటా_దొర: రెండు చుక్కలతో మోడల్ కట్టే పిచ్చివాడెవడండీ? పాఠాలు చెప్పేవాళ్ళకి ఇలాంటివే దొరుకుతాయి.

పొలంగట్టు: ఆ పిచ్చివాణ్ణి నేనేనేమో. థీసిస్‌కి నా దగ్గర 12 మడుల దిగుబడి ఉంది. ఎరువు, తేమ, ఇంకా అవీ ఇవీ కలిపి 9 కాలమ్స్ పెట్టా. మోడల్ అద్భుతంగా అతికింది, గైడ్ గారు కూడా సంతోషించారు. ఇప్పుడు చూస్తే కింద 2 degrees of freedom అని ఉంది.

కృష్ణలంక_లెక్కలు: తొమ్మిది వాలులు, ఒక మొదలు, మొత్తం పది పోయాయి. 12తో భాగించారంటే 2తో భాగించినదానికంటే దాదాపు రెండున్నర రెట్లు తక్కువ కనిపిస్తుంది. అద్భుతంగా అతికిందనడం కాదు, అతకకుండా ఉండటానికి చోటే లేదు. కాలమ్స్ తగ్గించండి బాబూ.

డేటా_దొర: ఆగండి. ఆయన ఆ 12 మడుల మీదే తప్పు కొలుస్తున్నాడా? నేనెప్పుడూ అలా కొలవను. కొంత డేటా ముందే పక్కన పెట్టేసి, మోడల్ చూడని వరసల మీద కొలుస్తా. అక్కడ n తోనే భాగించాలి, దీన్ని కూడా కాదంటారా?

కృష్ణలంక_లెక్కలు: ఇది మొదటి పోస్టులోనే చెప్పాల్సింది మహానుభావా. ఆ వరసలు గీతను తమ వైపు లాగలేదు, వాటి మీద షరతులేమీ లేవు. n తోనే భాగించాలి. సిరి గారు అడిగింది మాత్రం గీత గీసిన వరసల గురించే.

డేటా_దొర: అయితే ఆవిడకి ముందు డేటా పక్కన పెట్టడం నేర్పండి, 48 గొడవే ఉండదు.

కృష్ణలంక_లెక్కలు: 12 మడుల్లో ఎన్ని పక్కన పెడతారు?

వీరబాబు: మొదలు సున్నా దగ్గరే అని మనమే బిగిస్తే? ఆగున్న కారుకి ఆగే దూరం సున్నాయే కదా.

సిరి_నెల్లూరు: `lm(dist ~ 0 + speed, data = cars)` వేసి చూశాను. 16.26 on 49 వచ్చింది. మీ 49 దొరికిందండీ. కానీ ఇప్పుడు రెసిడ్యువల్స్ కూడితే సున్నా రావట్లేదు.

కృష్ణలంక_లెక్కలు: రాదు. మొదలును డేటా నుంచి అడగలేదు కాబట్టి ఆ షరతు పోయింది, x తో గుణించి కూడే షరతు ఒక్కటే మిగిలింది.

పద్మ_ఎమ్మెస్సీ: ఒక అనుమానం. గ్రాఫ్ చూస్తే వేగం పెరిగేకొద్దీ చుక్కలు బాగా చెదిరిపోతున్నాయి. మెల్లగా పోయే కారుకీ 15 అడుగులే, వేగంగా పోయేదానికీ 15 అడుగులేనా?

డేటా_దొర: చూశారా! 48, 50 అని కొట్టుకున్నాం, అసలు ఆ ఒక్క సంఖ్యే అన్ని కార్లకీ సరిపోదు.

కృష్ణలంక_లెక్కలు: ఆ మాట ఒప్పుకుంటా. దూరానికి వర్గమూలం తీసి గీస్తే చెదురు కొంత సర్దుకుంటుంది, అప్పుడు వచ్చే సంఖ్య 15.38 కాదు, అది అడుగుల్లోనూ ఉండదు. కానీ భాగించేది అప్పుడూ 48తోనే.