VIZIANAGARAM అక్షరాల లెక్క: "A లు కలిసి రాకుండా" అంటే ఏది తియ్యాలి?

బొబ్బిలి_వీణ: అందరికీ నమస్కారం. ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. మొన్న కోచింగ్‌లో పెట్టిన టెస్ట్‌లో ఒక ప్రశ్న వచ్చింది. VIZIANAGARAM అనే పదంలోని అక్షరాలన్నీ వాడి, A లు కలిసి రాకుండా ఎన్ని పదాలు చెయ్యవచ్చు? నేను A కాని అక్షరాలు ముందు పేర్చి, మధ్య ఖాళీల్లో A లు పెట్టాను. 8!/2! × 9P4 వేస్తే 60963840 వచ్చింది. ఆప్షన్లలో అది లేనే లేదు. ఆప్షన్లు 9797760, 2540160, 181440, 75600. ఎక్కడ తేడా కొట్టిందో చెప్పండి.

ఆమదాలవలస_కుర్రోడు: ఇంత తిప్పలు ఎందుకు చెల్లీ? నేను కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్నాను, మాకు SRIKAKULAM ఇచ్చి రెండు K లు కలవకూడదు అన్నారు. మొత్తంలోంచి కలిసినవి తీసెయ్యడమే. నీ పదానికి మొత్తం 12!/(4!2!) = 9979200. నాలుగు A లూ ఒక కట్ట అనుకుంటే మిగతా 8తో కలిపి 9 వస్తువులు, I రెండుసార్లు ఉంది కాబట్టి 9!/2! = 181440. తీసేస్తే 9797760. మొదటి ఆప్షనే. నా K ల కట్టకూ 181440యే వచ్చింది, అక్కడ A రెండుసార్లు ఉంది కదా.

రాజాం_మాస్టారు: ఇద్దరూ కాసేపు ఆగండి. వీణమ్మా, ముందు నీది చూద్దాం.

నీ దారి మంచిదే. A కానివి V, I, Z, I, N, G, R, M. ఎనిమిది అక్షరాలు, I రెండు. వాటిని పేర్చే విధాలు 8!/2! = 20160. వాటి మధ్య 7 ఖాళీలు, రెండు చివరలు కలిపితే 9. ఒక్కో ఖాళీలో ఒక A కి మించకుండా పెడితే ఏ రెండు A లూ తగలవు. ఇంతవరకు ఎక్కడా వంక లేదు.

తేడా 9P4 దగ్గరే. 9P4 అంటే 3024. మొదటి A ఇక్కడ, రెండో A అక్కడ అని నాలుగింటికీ పేర్లు పెట్టి లెక్కపెట్టినట్టు. కాగితం మీద A లన్నీ ఒకటే. ఒకటి, మూడు, ఐదు, ఏడు ఖాళీలు ఎంచుకున్నాక A లను ఎలా మార్చినా అదే పదం, నువ్వు దాన్ని 24 సార్లు లెక్కేశావు. ఖాళీలు ఎంచుకుంటే చాలు. 9C4 = 126. 20160 × 126 = 2540160.

పరీక్షలో ఇది పట్టుకునే దారి చెబుతాను. షరతు ఏమీ లేకుండా మొత్తం పదాలు 9979200. నీ జవాబు అరవై లక్షలు కాదు, ఆరు కోట్లు దాటింది. షరతు పెడితే పదాలు తగ్గాలి కానీ పెరగవు కదా. అదే లెక్క అక్షరాలన్నీ వేరువేరుగా ఉన్న పదానికి వస్తే మాత్రం, ఖాళీల్లో పెట్టేవి వేరువేరు కాబట్టి P యే సరైనది.

బొబ్బిలి_వీణ: అర్థమైంది మాస్టారూ. అయితే అన్నయ్య చెప్పిన 9797760 కూడా ఆప్షన్లలో ఉంది కదా. అది తప్పా?

రాజాం_మాస్టారు: అది వేరే ప్రశ్నకు సరైన జవాబు. బాబూ, నువ్వు తీసేసింది నాలుగు A లూ ఒకే చోట అంటుకున్న పదాలను మాత్రమే. AAVIZIANGRAM చూడు. మొదట్లోనే రెండు A లు పక్కపక్కన ఉన్నాయి. నాలుగూ కలవలేదు కాబట్టి నీ 9797760లో ఇది మిగిలే ఉంది. మూడు A లు ఒక చోట, నాలుగోది దూరంగా ఉన్నవీ మిగిలే ఉన్నాయి.

నీ K ల లెక్క ఎందుకు నప్పిందంటే అవి రెండే కాబట్టి. రెండింటికి "అన్నీ కలిసి లేవు" అన్నా "ఏ రెండూ కలిసి లేవు" అన్నా ఒకటే. నీ జవాబు 907200 − 181440 = 725760 కదా. ఖాళీల దారిలో చేసినా అంతే. K లు కాక ఎనిమిది అక్షరాలు 20160 విధాలు, 9 ఖాళీల్లో రెండు ఎంచుకోవడం 36. గుణిస్తే 725760. అక్షరం మూడుసార్లు వచ్చిందంటే ఈ రెండు దారులు విడిపోతాయి.

గంటస్తంభం: మాస్టారు అంతంత పెద్ద సంఖ్యలు ఎందుకు చెబుతున్నారో తెలియడం లేదు. VIZIANAGARAM లో అచ్చులు I, I, A, A, A, A ఆరు, హల్లులు V, Z, N, G, R, M ఆరు. కలిసి రాకూడదు అంటే ఒకటి విడిచి ఒకటి. హల్లులు 6! = 720, అచ్చులు 6!/(4!2!) = 15, అచ్చుతో మొదలవ్వచ్చు, హల్లుతో మొదలవ్వచ్చు. 720 × 15 × 2 = 21600. అదేదీ ఆప్షన్లలో లేదు కాబట్టి ప్రశ్నే తప్పు.

పార్వతీపురం_అక్క: ప్రశ్నలో A లు అన్నారు బాబూ, అచ్చులు అనలేదు. ఒకవేళ అచ్చులే అనుకున్నా మీ 21600 సరిపోదు. ఆరు హల్లులకు 7 ఖాళీలు, ఆరు అచ్చులకు ఆరు ఖాళీలు కావాలి, ఒకటి ఖాళీగా మిగులుతుంది. అది మొదటిదో చివరిదో అయితేనే మీరన్న ఒకటి విడిచి ఒకటి. మధ్యలోది మిగిలితే రెండు హల్లులు పక్కపక్కన వస్తాయి. దానికి ఎవరూ అడ్డు చెప్పలేదే. 720 × 7 × 15 = 75600. నాలుగో ఆప్షన్ అలా పుట్టిందే.

గంటస్తంభం: సరే, హల్లులు కలిసినా పర్లేదు అంటే మీరన్నదే. మా రోజుల్లో మాత్రం ఇలాంటివి ఒకటి విడిచి ఒకటే అడిగేవారు.

బొబ్బిలి_వీణ: మాస్టారూ, ఇంకో డౌట్. A లు రెండేసి కలవకూడదు, I లు కూడా కలవకూడదు అంటే? నేను హల్లులు 6! పేర్చి, 7 ఖాళీల్లో I లు పెట్టాను, 7C2 = 21. అప్పుడు 8 అక్షరాలయ్యాయి, 9 ఖాళీల్లో A లు 126. మొత్తం 720 × 21 × 126 = 1905120. ఈసారి C యే వాడాను.

ఆమదాలవలస_కుర్రోడు: ఇది కరెక్టే అనిపిస్తుంది. I లు విడదీశాం, A లు విడదీశాం. ఇంకేటి?

రాజాం_మాస్టారు: ఇక్కడే చాలామంది పడిపోతారు. I లను హల్లులతోనే విడదియ్యాలని నువ్వు ముందే నిర్ణయించేశావు. కానీ రెండు I ల మధ్య ఒక A ఉన్నా అవి విడిపోయినట్టే. VIAI అని వచ్చే పదం చెల్లుతుంది. నీ లెక్కలో దానికి చోటు లేదు, ఎందుకంటే A పెట్టకముందే I లు దూరంగా ఉండాలని పట్టుబట్టావు.

అక్షరం రెండే ఉంటే తీసివేత పనిచేస్తుంది అన్నాం కదా. I లు రెండే. కాబట్టి A లు ఏవీ తగలని 2540160 లోంచి, I లు అంటుకున్నవి తియ్యి. II ని ఒక కట్ట చేస్తే హల్లులతో 7 వస్తువులు, 7! = 5040. ఇప్పుడు ఖాళీలు 8, వాటిలో A లు 8C4 = 70. 5040 × 70 = 352800. కట్ట లోపల A దూరకూడదు, అందుకే 9 కాకుండా 8 ఖాళీలు. 2540160 − 352800 = 2187360.

నీకు తగ్గినవి 282240. అవి ఏవో కూడా లెక్కకు దొరుకుతాయి. ముందు II పక్కపక్కన పెట్టు, 5040. వాటి మధ్య ఒక A తప్పనిసరి. మిగతా మూడు A లు మిగతా 8 ఖాళీల్లో, 56 విధాలు. 5040 × 56 = 282240. సరిగ్గా నువ్వు వదిలేసినన్ని.

పార్వతీపురం_అక్క: నాకు పెద్ద సంఖ్యల మీద నమ్మకం కుదరదు. చిన్నది చేసి చూశాను. A, A, I, I, V అయిదు అక్షరాలు. వీణ దారిలో V కి ఇరువైపులా I లు, IVI ఒక్కటే, నాలుగు ఖాళీల్లో రెండు A లు, 6 పదాలు. మాస్టారి దారిలో I, I, V పేర్పులు 3, ఒక్కోదానికి A లు 6 విధాలు, 18. అందులో II కట్టవి 2 × 3 = 6 తీస్తే 12.

వీణకు రాని ఆరూ కాగితం మీద రాశాను: AIAIV, IAIAV, IAIVA, AVIAI, VAIAI, VIAIA. అన్నిటిలోనూ IAI ఉంది. అనుమానం ఉన్నవాళ్లు ఇలా చిన్న పదం తీసుకుని రాసుకోండి. మొత్తం 30 పదాలే, పది నిమిషాల పని.

బొబ్బిలి_వీణ: అక్కా, ఇలా చూస్తే బుర్రకెక్కింది. అయితే ముందు ఎక్కువగా ఉన్న A లు పేర్చాలా, చివర్లో పేర్చాలా అని రూల్ ఏమైనా ఉందా?

రాజాం_మాస్టారు: ఖాళీల్లో దూర్చే అక్షరం చివరగా రావాలి. దానికంటే ముందు పేర్చేవాటి మీద షరతు ఉంటే, ఆ షరతును ఖాళీలతో తీర్చకు, తీసివేతతో చూడు. రెండు A లు, రెండు K లు ఉన్న SRIKAKULAM లో రెండు జతలూ విడిపోవాలన్నా అదే పద్ధతి. బాబూ, నువ్వే చెయ్యి.

ఆమదాలవలస_కుర్రోడు: మొత్తం 907200. K లు కలిసినవి 181440, A లు కలిసినవి 181440. రెండూ తీసేస్తే 544320.

రాజాం_మాస్టారు: రెండు జతలూ ఒకేసారి కలిసిన పదాలను రెండుసార్లు తీసేశావు. అవి 8! = 40320, ఒకసారి తిరిగి కలుపు. 584640.

ఆమదాలవలస_కుర్రోడు: ఓహో. కలిపాను, వచ్చింది.

బొబ్బిలి_వీణ: అసలు ప్రశ్నకు వస్తే, పేపర్‌లో ఉన్నది ఉన్నట్టు "A లు కలిసి రాకుండా" అని మాత్రమే. నేను 2540160 అని రాసి ఉంటే మార్కు వచ్చేదా?

రాజాం_మాస్టారు: నేనైతే ఏ రెండూ పక్కన రాకూడదనే చదువుతాను. "A లన్నీ ఒకేచోట రాకుండా" అని ఉంటే 9797760 పెట్టేవాడిని.

పార్వతీపురం_అక్క: నాకు అంత నమ్మకం లేదు మాస్టారూ. రెండు అర్థాలకూ ఆప్షన్లు పెట్టారంటే ఆ పేపర్ తయారుచేసినవాళ్లకు తేడా తెలుసు. తెలిసీ మాట ఇలా వదిలేశారు. వీణా, కీ వచ్చాక ఏది ఇచ్చారో ఇక్కడ పెట్టు. 9797760 ఇస్తే మీ సార్‌ని AAVIZIANGRAM లో A లు కలిసి వచ్చాయో లేదో అడుగు.

బొబ్బిలి_వీణ: కీ ఇంకా పెట్టలేదు అక్కా. సోమవారం అడుగుతాను.