డాలర్ దగ్గర పడిన రూపాయి మొత్తం మీద పెరగడమేంటి?

కూకట్‌పల్లి నాన్న: 2022 జనవరిలో డాలర్ సుమారు 74.50. సెప్టెంబర్ చివరికి 81.50. అయినా అప్పుడు రూపాయి మొత్తం మీద గట్టిగానే ఉందని ఇక్కడ వాదిస్తున్నారు. పడిపోయింది పెరిగినట్టు ఎట్లా అవుతుంది?

బాలానగర్ లేత్: ఆ ఏడాదే నేను జపాన్ నుంచి మిషన్ తెప్పించాను. కొటేషన్ నాటికి వంద యెన్‌లు 64 రూపాయల పైన, డబ్బు కట్టే నాటికి 56 చిల్లర. రూపాయికి ఏమీ కాలేదండీ, డాలర్ ఒక్కటే పెరిగింది.

కూకట్‌పల్లి నాన్న: మీ మిషన్ మీకు చవకైంది, సంతోషం. మా వాడి సెమిస్టర్ ఫీజు 12 వేల డాలర్లు. జనవరిలో 8,94,000 కట్టాను, సెప్టెంబర్‌లో 9,78,000. ఈ 84 వేలు ఎవరిస్తారు?

మలక్‌పేట శారద: ఇద్దరూ ఒక్కో కరెన్సీ పట్టుకుని కూర్చున్నారు. రూపాయి మొత్తం విలువ కొలిచే రిజర్వ్ బ్యాంకు సూచీ పేరు నీర్, అందులో 40 కరెన్సీలుంటాయి, ఏ దేశంతో ఎంత వ్యాపారమో దాన్ని బట్టి పాళ్లు. సులువుగా మూడింటితో చూద్దాం, పాళ్లు నేను అనుకున్నవే: డాలర్ 40, యూరో 30, యెన్ 30. జనవరిలో రూపాయి విలువ 1 అనుకుంటే సెప్టెంబర్‌కి డాలర్ లెక్కలో 0.914. యూరో 84 నుంచి 79కి దిగింది కాబట్టి అక్కడ 1.063. యెన్ దగ్గర 1.14.

```
100 × 0.914^0.40 × 1.063^0.30 × 1.14^0.30 ≈ 102
```

అవే రేట్లు ఉంచి పాళ్లు 60, 20, 20 చేయండి, 98.5 వస్తుంది. పెరిగిందా తగ్గిందా అన్నది పాళ్లే తేల్చాయి.

ఉప్పల్ రవి: 102 అంటే డాలర్ 102 రూపాయలు అవుతుందనా?

మలక్‌పేట శారద: కాదు తమ్ముడూ. డాలర్ రేటు పెరిగితే రూపాయి బలహీనపడినట్టు, ఈ సూచీ పెరిగితే బలపడినట్టు. రెండూ ఎదురెదురు.

కూకట్‌పల్లి నాన్న: నేను యెన్‌లో ఏదీ కొననమ్మా. మా ఇంట్లో డాలర్ పాలు నూటికి నూరు.

బాలానగర్ లేత్: అయితే మీ ఖర్చు పెరిగిందనండి. దేశం రూపాయి పడిందని ఎందుకంటారు?

కూకట్‌పల్లి నాన్న: క్రూడ్ కొనేది డాలర్లలో కాదా? డీజిల్ నా ఒక్కడి ఇంటికే వస్తుందా? మీ సరుకు మోసే లారీ దేంతో నడుస్తుంది?

మలక్‌పేట శారద: ఆ మాటలో బలముంది. పాళ్లు వేసేది సరుకు ఏ దేశానిదో చూసి, బిల్లు ఏ కరెన్సీలో ఉందో చూసి కాదు. చైనా సరుకుకి యువాన్ పాలు పడుతుంది, బిల్లు మాత్రం చాలాసార్లు డాలర్లలోనే వస్తుంది. అందుకే డాలర్ ఎగబాకిన నెలల్లో దిగుమతి బిల్లు భారం ఈ సూచీలో పూర్తిగా కనపడదు. మన మందులు యూరప్‌లో పోటీకి నిలుస్తాయా అని చూడాలంటే మాత్రం డాలర్ రేటు ఒక్కటీ చాలదు, ఈ సూచీ కావాలి.

అంబర్‌పేట: దేశాల మధ్య ధరల తేడా కలపలేదేం? అది కూడా కలిపే సూచీ రీర్, దాన్ని చూడాలి కదా.

మలక్‌పేట శారద: చూడాలి. ఆయన అడిగింది రేటు సంగతి, దానికి నీర్ చాలు.

కూకట్‌పల్లి నాన్న: మా ఇంటి సూచీ 91.4. నాకు తెలిసిన రూపాయి అదే.

బాలానగర్ లేత్: మా షాపుది 114. అదీ రూపాయే, సార్.