జనవరిలో కేదార్‌కాంతా: ఇంట్లో ఉన్న స్వెట్టర్లు సరిపోతాయా?

కాజీపేట_కిరణ్
నలుగురం ఫ్రెండ్స్ జనవరిలో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కాంతా ట్రెక్‌కి పోతున్నాం. మంచు చూడటం అందరికీ ఇదే మొదటిసారి. శిఖరం 12,500 అడుగులు, చివరి రోజు తెల్లవారుజామున 3 గంటలకే ఎక్కడం మొదలట. ట్రెక్ వాళ్ళు మూడు పొరలు వేసుకోమని లిస్టు పంపారు. నా దగ్గర కాటన్ థర్మల్స్, రెండు మందపాటి స్వెట్టర్లు, బండి మీద వేసుకునే రెయిన్‌కోట్ ఉన్నాయి. లెక్క ప్రకారం మూడు పొరలే కదా?

ఆదిలాబాద్_పోరడు
సరిపోతాయి అన్నా. చలి సంగతి మా జిల్లావాళ్ళను అడగాలి. బనియన్ మీద రెండు స్వెట్టర్లు, పైన మఫ్లర్ కడితే ఏ చలీ ఏం చేయదు. పొరల మధ్య గాలి నిలబడుతుంది, అదే వెచ్చదనం. ఊరికే డబ్బులు పెట్టకు.

గుట్టలెక్కే_శ్రీను
గాలి మాట నిజమే తమ్మీ. కానీ మీ దగ్గర చలిలో కూర్చుంటారు, వాళ్ళు చలిలో గుట్ట ఎక్కాలి. తేడా అక్కడే వస్తుంది.

కిరణ్, ఆ చివరి రోజు పొద్దున ఏమవుతుందో చెప్తా. టెంట్‌లోంచి బయటికి రాగానే వణుకు పుడుతుంది కాబట్టి ఉన్నవన్నీ వేసుకుంటారు. అరగంట నిలువు ఎక్కుడు ఎక్కేసరికి వీపు చెమటతో తడుస్తుంది. కాటన్ ఆ తడిని పీల్చుకుని వదలదు. పైన ప్లాస్టిక్ రెయిన్‌కోట్ ఉంటే ఆవిరి కూడా బయటికి పోదు. నడిచినంతసేపు తెలియదు. టీ తాగుదామని పది నిమిషాలు ఆగితే ఆ తడి బట్టే ఒంట్లో వేడిని లాగేస్తుంది. పైన ఎన్ని స్వెట్టర్లు వేసినా వణుకు ఆగదు.

అందుకే ఒంటికి తగిలే పొర పని వెచ్చగా ఉంచడం కంటే ముందు తడిని ఒంటి మీద నుంచి లాగడం. పాలిస్టర్‌ది గానీ, మెరీనో ఉన్నిది గానీ, ఒంటికి అతుక్కునేలా ఉండాలి. మధ్య పొర గాలిని పట్టి ఉంచాలి. నూగులా మెత్తగా ఉండే పాలిస్టర్ గుడ్డ, ఫ్లీస్ అంటారు, అది చాలు, నీ స్వెట్టర్లలో ఉన్నిది ఉంటే అదీ పనికొస్తుంది. పై పొర గాలినీ మంచు తడినీ ఆపాలి. అది కొంచెం వదులుగా ఉండాలి, బిగుతుగా ఉంటే లోపలి ఫ్లీస్ నలిగిపోయి గాలి నిలబడే చోటే ఉండదు.

మంచిర్యాల_లక్ష్మి
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా అమ్మను తీసుకుని జనవరిలో గుల్మార్గ్ పోతున్నాం, ఆమె ఎక్కువసేపు కూర్చునే ఉంటుంది. ఆమెక్కూడా ఇవే కొనాలా? కాటన్ తప్ప ఏదేసినా ఒంటికి దురద అంటుంది.

గుట్టలెక్కే_శ్రీను
అక్కా, అమ్మగారికి చెమట పట్టదు కాబట్టి లోపల కాటన్ ఉన్నా ఫర్వాలేదు, మంచులో తడవకుండా చూసుకోండి చాలు. నడవని మనిషికి ఒంట్లో వేడి తక్కువ పుడుతుంది, అందుకని ఆమెకు మధ్య పొర మీవాటికంటే మందంగా ఉండాలి. కాళ్ళ సంగతి మర్చిపోవద్దు. బిగుతు బూట్లలో రెండు జతల సాక్సులు తొడిగితే రక్తం సరిగా పారక వేళ్ళు ఇంకా చల్లబడతాయి.

కాజీపేట_కిరణ్
అన్నా, కొన్నవి పనిచేస్తాయో లేదో వరంగల్‌లో ఎట్లా తెలుస్తుంది? ఇక్కడ చలే లేదు కదా.

గుట్టలెక్కే_శ్రీను
ముందు థర్మల్ లోపలి లేబుల్ చూడు. థర్మల్ అని అమ్మేవాటిలో కాటన్ కలిపినవి చాలా ఉంటాయి. ఉతికి పిండి, నీ మామూలు కాటన్ బనియన్ పక్కనే ఫ్యాన్ కింద ఆరేయి. బనియన్ కంటే చాలా ముందు ఆరితే మంచిదే. పై జాకెట్‌కైతే గుడ్డను పెదాలకు గట్టిగా ఆనించి ఊదు. అవతల పెట్టిన చేతికి గాలి తగిలితే అది గాలిని ఆపదు. ఫ్లీస్‌ను అట్లనే ఊదితే గాలి ఇట్టే దూరిపోతుంది. పొద్దున్నే హన్మకొండ దాకా ఒట్టి ఫ్లీస్‌తో బండి మీద పోయి, వచ్చేటప్పుడు దానిపైన పల్చటి విండ్‌చీటర్ వేసుకో. పై పొర ఎందుకో నీకే అర్థమవుతుంది.

ఎక్కేటప్పుడు మాత్రం ఒంటికి కొంచెం చలి తెలిసేలా తక్కువ వేసుకునే బయలుదేరాలి. చెమట పట్టేదాకా ఆగకుండా, మెడ దగ్గర వెచ్చబడగానే జిప్ తీయాలి, ఇంకా వేడనిపిస్తే ఫ్లీస్ విప్పాలి. ఆగిన మరుక్షణమే, వణుకు రాకముందే, బ్యాగులోంచి మందపాటి జాకెట్ తీసి పైన వేసుకోవాలి.

ఆదిలాబాద్_పోరడు
ఆ మందపాటి జాకెట్ ఈకలదే మంచిదంట కదా? తేలికగా ఉంటుంది.

గుట్టలెక్కే_శ్రీను
బరువుకు తగ్గ వెచ్చదనంలో ఈకలదే మేలు, కానీ తడిస్తే ముద్దయిపోతుంది. సింథటిక్‌ది బరువు, కాస్త తడిసినా పనిచేస్తుంది. కొత్తవాళ్ళకు నేను సింథటిక్ అంటాను.

ఓరుగల్లు_అనిత
నేను ఒప్పుకోను. జనవరిలో అంత ఎత్తులో పడేది పొడి మంచు, దులిపితే రాలిపోతుంది. నేను ఈకలదే వాడతాను, ఎన్నడూ ఇబ్బంది పడలేదు. కిరణ్, అది అద్దెకు తీసుకోండి. లోపలివి మాత్రం సొంతంగా కొనుక్కోండి, ఇంకొకరి చెమట మనకెందుకు.

కాజీపేట_కిరణ్
థర్మల్ లేబుల్ ఇప్పుడే చూశాను. 60% కాటన్ అని ఉంది. ప్యాంట్‌ది కూడా అంతే. కింద కూడా మార్చాలా, పైది ఒక్కటి మారిస్తే చాలా?

గుట్టలెక్కే_శ్రీను
బడ్జెట్ తక్కువైతే ముందు పైది మార్చు, చెమట వీపుకే ఎక్కువ. కింద జీన్స్ మాత్రం వద్దు, మంచులో తడిస్తే అది ఆరదు.