డీనాయిజింగ్ 0.45లో శైలి రాదు, 0.75లో కూర్పు నిలవదు: ఎక్కడ ఆపాలి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
పొలం గట్టు మీద తట్టలు నెత్తిన పెట్టుకుని వరసగా నడుస్తున్న నలుగురు ఆడవాళ్ల ఫొటో ఉంది. వెనక కొండ, పైన మూడో వంతు తెల్లటి ఆకాశం. దీన్ని మన సవర గోడబొమ్మ ఇడితాల్ శైలిలోకి మార్చాలి. ఎర్రమట్టి పూత మీద తెల్లటి మనుషులు రావాలి. ఆటోమేటిక్1111లో ఎస్‌డీ 1.5, 768x512, 30 స్టెప్పులు, సీఎఫ్‌జీ 7. డీనాయిజింగ్ 0.45 పెడితే ఫొటోకి గరుకుతనం అద్దినట్టుంది, ఆకాశం తెల్లగానే ఉండిపోయింది. 0.75 పెడితే ఎర్రమట్టి వచ్చింది గానీ నలుగురు కాస్తా ఆరుగురయ్యారు. మధ్యలో సరైన అంకె ఏది?

బరంపురం వీధి
0.55 పెట్టు తమ్ముడూ. అంటే శైలికి 55 శాతం, ఫొటోకి 45 శాతం. స్టెప్పులు 30 నుంచి 50కి పెంచు, అప్పుడు కూర్పు గట్టిగా నిలుస్తుంది. సీఎఫ్‌జీ 5కి దించు. 0.6 దాటావంటే ఫొటో మర్చిపోవచ్చు.

వంశధార ఒడ్డు (గుణుపురం)
వీధి గారూ, సీఎఫ్‌జీ దించమన్నది మంచి మాటే. ప్రాంప్టు పట్టు తగ్గితే ఫొటోలో ఉన్న ఆకారాలకి కొంచెం చోటు దొరుకుతుంది. మిగతా రెండూ నేను ఒప్పుకోను.

ముందు స్టెప్పుల సంగతి. డిఫ్యూజర్స్ లైబ్రరీలో ఈ ఒక్క వరస చూడండి:

```
init_timestep = min(int(num_inference_steps * strength), num_inference_steps)
```

30 స్టెప్పులు, 0.6 పెడితే నడిచేది 18. 50 పెడితే నడిచేది 30. ఆటోమేటిక్1111 కూడా మామూలుగా ఇలాగే లెక్కేస్తుంది. కంఫీయూఐలో మాత్రం మీరు పెట్టిన స్టెప్పులన్నీ నడుస్తాయి. కానీ రెండు చోట్లా మొదలయ్యే నాయిజ్ మట్టం డీనాయిజింగ్ అంకెతోనే తేలుతుంది. స్టెప్పులు పెంచితే ఆ మట్టం నుంచి కిందికి దిగే మెట్లు దగ్గరదగ్గరగా పడతాయి, అంతే. మునిగిపోయిన కూర్పు తిరిగి రాదు.

ఇక శాతం. ఈ అంకె ఫొటోని ఎంత లోతు నాయిజ్‌లో ముంచి తుడవడం మొదలుపెట్టాలో చెబుతుంది. ఎస్‌డీ 1.5లో 0.5 దగ్గర అసలు బొమ్మ బలం సుమారు 0.53, నాయిజ్ బలం 0.85. 0.75 దగ్గర బొమ్మ 0.24కి పడిపోతుంది, నాయిజ్ 0.97. మరి అంత నాయిజ్‌లో కూడా ఏదో ఒకటి మిగులుతోంది కదా? మిగిలేది పెద్ద పెద్ద వెలుగు నీడల ముద్దలు. మామూలు ఫొటోలో బలమంతా పెద్ద ఆకారాల్లో ఉంటుంది, సన్నని వివరాల్లో చాలా తక్కువ. నాయిజ్ మాత్రం అన్నిటి మీదా ఒకే బలంతో పడుతుంది. అందుకని ముందు చీర నేత, తర్వాత వేళ్లు, ముఖాలు, ఆ తర్వాత మనుషుల ఆకారాలు పోతాయి. ఆకాశం తెల్లగా, నేల నల్లగా ఉందన్న సంగతి అన్నిటికన్నా చివర పోతుంది.

తనయ గారికి వచ్చిన చిక్కు అక్కడే ఉంది. ఇడితాల్‌కి కావలసిన పెద్ద మార్పు గీతలో కాదు, ఆకాశం ఎర్రమట్టిగా మారడంలో ఉంది. అది చిట్టచివర పోయే వివరం. దాన్ని పోగొట్టేంత నాయిజ్ వేస్తే, దానికంటే ముందే నలుగురు మనుషులూ పోయుంటారు. తర్వాత మోడల్ తన ఊహ కొద్దీ ఆరుగుర్ని పెడుతుంది. కాబట్టి మీరు వెతుకుతున్న మధ్య అంకె ఈ ఫొటోకి లేదు.

ఆ పెద్ద మార్పేదో ముందే చేత్తో చేసెయ్యండి. గింప్‌లో ఆకాశం, కొండ, పొలం మొత్తానికి ముదురు ఎర్రమట్టి రంగు నింపండి. నలుగుర్నీ తట్టలతో సహా విడిగా ఎంచి, రంగు తీసేసి, తెలుపుకి దగ్గరగా వెలిగించండి. నింపిన రంగు మీద సన్నని నాయిజ్ ఫిల్టరు తప్పకుండా వెయ్యండి. చదునుగా ఒకే రంగు ఉంటే, 0.5 దగ్గర మోడల్‌కి అక్కడ గీత పుట్టించడానికి ఆధారం దొరకదు, చదునుగానే వదిలేస్తుంది. ఆ బొమ్మని 0.5తో పంపండి. ఇప్పుడు మోడల్‌కి మిగిలిన పని మనుషుల్ని గీతల్లోకి దించడం, చుట్టూ అంచు నింపడం. దానికి 0.5 చాలు.

ప్రాంప్టులో శైలి పేరు ఒక్కటే రాసి వదిలెయ్యకండి. వరసగా నడిచే నలుగురు స్త్రీలు, నెత్తిన తట్టలు అని బొమ్మలో ఉన్నది కూడా రాయండి. ముద్దలు, మాటలు ఒకటే చెబుతుంటే మనుషుల లెక్క అంత సులువుగా తప్పదు.

జయపురం ఫ్లెక్స్
నా సంగతీ ఇదే అనుకుంటున్నాను. కిరాణా కొట్టు ముందరి ఫొటోని నీటిరంగు బొమ్మలా మార్చాలి. బోర్డు మీద తెలుగు, ఒడియా అక్షరాలు చెడకూడదు. 0.2కి దించినా అక్షరాలు పురుగుల్లా అయిపోతున్నాయి. 0.1 పెట్టమంటారా?

వంశధార ఒడ్డు
మీది వేరే సమస్య అన్నా. ఇక్కడ తప్పు డీనాయిజింగ్‌ది కాదు. ఎస్‌డీ 1.5 బొమ్మని ముందు ఎనిమిది పిక్సెళ్లకి ఒక గడి చొప్పున కుదించి, చివర్లో మళ్లీ విప్పుతుంది. ఇరవై పిక్సెళ్ల అక్షరం అంటే రెండున్నర గడులు. ఒత్తులు, గుడులు ఆ కుదింపులోనే నలిగిపోతాయి. అంకె సున్నాకి దగ్గరగా తెచ్చినా అంతే. బోర్డుని ఖాళీగా మార్పించుకుని, అక్షరాలు ఇంక్‌స్కేప్‌లో పైన వెయ్యండి.

బరంపురం వీధి
సరే, స్టెప్పుల మాట అలా ఉంచండి. ఒక్కసారే 0.7తో ముంచే బదులు 0.4తో మూడు సార్లు వరసగా తిప్పితే? ప్రతిసారీ కొంచెం కొంచెం శైలి ఎక్కుతుంది, కూర్పు చెక్కుచెదరదు. చాలామంది చేసేదే.

రాయగడ రేఖ
వీధి గారూ, గీతలకి అది పనిచేస్తుంది, నేనూ ఒప్పుకుంటాను. కానీ ప్రతి తిప్పుడూ మళ్లీ 0.4 మట్టం నుంచే మొదలవుతుంది. తెల్లటి ఆకాశం ఆ మట్టంలో ఎప్పుడూ చెరగదు, మూడు సార్లు కాదు పది సార్లు తిప్పినా తెలుపు తెలుపే. పైగా ప్రతిసారీ ఆ కుదింపు విప్పడం జరుగుతుంది కాబట్టి చిన్న ఆకారాలు మెల్లగా జారతాయి. ముఖం నున్నబడుతుంది, తట్ట అంచు తలలో కలిసిపోతుంది. మొదటి, చివరి బొమ్మల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి మార్చి మార్చి చూస్తే తెలుస్తుంది.

వంశధార గారి పద్ధతితో మాత్రం నాకు పేచీ ఉంది. గింప్‌లో అంత శ్రమ దేనికి? కంట్రోల్‌నెట్‌లో లైన్‌ఆర్ట్ పెట్టి, బరువు 0.7 ఇచ్చి, డీనాయిజింగ్ 0.85కి తీసుకెళ్లండి. రంగు మొత్తం మారిపోతుంది. మనుషుల్ని గీతలే పట్టి నిలబెడతాయి. కూర్పుని కాపాడే పని డీనాయిజింగ్ మీద పెట్టడమే పొరపాటు. అది రంగు మార్చుకోవడానికి, కూర్పు పట్టడానికి కంట్రోల్‌నెట్.

వంశధార ఒడ్డు
నీటిరంగుకో, తైలవర్ణానికో అయితే మీ మాటకి ఎదురు చెప్పను. ఇడితాల్‌కి అది కుదరదు. ఇడితాల్‌లో దూరం దగ్గర అన్న తేడా లేదు. చుట్టూ అంచు కట్టి, లోపలంతా బొమ్మలు నింపుతారు. వెనక నడిచే మనిషి చిన్నగా ఉండదు. లైన్‌ఆర్ట్ ఆ ఫొటోలోని కెమెరా చూపుని గీత గీతగా పట్టుకొస్తుంది. వెనకామె చిన్నగా, చీర మడతలు ఉన్నవి ఉన్నట్టుగా వస్తాయి. అప్పుడది ఎర్రరంగు పూసిన ఫొటో అవుతుంది గానీ ఇడితాల్ కాదు. కావాలంటే కంట్రోల్‌నెట్ సగం దూరంలో ఆగిపోయేలా పెట్టండి. చోటు వరకు అది పట్టి ఉంచుతుంది, మిగతా సగంలో గీత స్వేచ్ఛగా వస్తుంది.

ఇంకో ప్రమాదం ఉంది. మోడల్‌కి వార్లీ బొమ్మలు బాగా పరిచయం. డీనాయిజింగ్ పెరిగేకొద్దీ మీరు సవర అని రాసినా, కొనలు కలిసిన రెండు త్రిభుజాల ఒంటితో వార్లీ మనుషులు దిగుతారు. సవర బొమ్మ ఒళ్లు అంత కోణాలుగా ఉండదు. 0.85 దగ్గర ఇది మరీ ఎక్కువ.

రాయగడ రేఖ
వార్లీ సంగతి ఒప్పుకుంటాను, దానికి విడిగా లోరా కావాలి. కానీ దూరం దగ్గర కూడా పోవాలంటే, మీరు ఆ ఫొటో కూర్పుని కాపాడటం లేదు, మారుస్తున్నారు. గింప్‌లో రంగు మార్చినా వెనకామె చిన్నగానే ఉంటుంది కదా? అప్పుడు మీ 0.5 కూడా ఎర్రరంగు ఫొటోనే ఇస్తుంది.

వంశధార ఒడ్డు
నిజమే. అందుకే నలుగుర్నీ విడిగా ఎంచమన్నాను. ఎంచాక వెనక ఇద్దర్నీ ముందువాళ్ల ఎత్తుకి సాగదీసి పెట్టొచ్చు. అప్పుడది కూర్పు నిలిచినట్టా, మారినట్టా అంటే, వరస, దిక్కు, మనుషుల మధ్య ఖాళీ ఇవి నిలిస్తే నాకు చాలు.

రాయగడ రేఖ
నాకు చాలదు. కొండ పోయింది, గట్టు పోయింది. ఆ నడకకి చోటు ఏది?

మహేంద్రతనయ
వంశధార గారూ, మీరు చెప్పినట్టే చేశాను, ఎర్రమట్టి నిలిచింది, నలుగురూ ఉన్నారు. ఇంకా గీత పెన్సిల్ దిద్దినట్టుందని 0.4కీ 0.6కీ మధ్య కదిపి చూస్తున్నాను. కానీ షెడ్యూల్ కర్రాస్‌కి మార్చగానే 0.4 దగ్గర అసలేమీ మారలేదు. ఇంకోటి, ముందు నుంచి మూడో ఆమె తట్ట, తల ఒకటే ముద్దయ్యాయి.

వంశధార ఒడ్డు
కర్రాస్‌లో మెట్లు తక్కువ నాయిజ్ వైపు ఎక్కువ గుమికూడతాయి. ఎస్‌డీ 1.5కి లెక్క కడితే, మామూలు షెడ్యూల్‌లో 0.4 అంటే నాయిజ్ మట్టం, అదే సిగ్మా, సుమారు 1.16. కర్రాస్‌లో అదే 0.4 సుమారు 0.69, అంటే దాదాపు 60 శాతమే. 0.6 దగ్గర రెండూ ఇంచుమించు 2.2 దగ్గర కలుస్తాయి. 0.75కి వెళ్తే తిరగబడుతుంది, మామూలుది 4.1, కర్రాస్ 4.8. అంటే కర్రాస్ తక్కువ అంకెల దగ్గర ఫొటోని ఎక్కువ కాపాడుతుంది, ఎక్కువ అంకెల దగ్గర ఎక్కువ ముంచుతుంది. ఎవరైనా నాకు 0.4 బాగుంది అంటే, ఏ షెడ్యూలో చెప్పకపోతే ఆ అంకెతో ప్రయోజనం లేదు. ఒకటి ఎంచుకుని, సీడ్ కదపకుండా, 0.05 చొప్పున ఎక్స్‌వైజడ్ ప్లాట్ వెయ్యండి. సెట్టింగుల్లో అసలు రంగులకి సరిపోల్చే కలర్ కరెక్షన్ టిక్కు ఉంటే తీసెయ్యండి, ఏ షెడ్యూల్‌లోనైనా అది పాత రంగుల్నే వెనక్కి లాగుతుంది.

మూడో ఆమె కోసం మొత్తం బొమ్మని మళ్లీ తిప్పకండి. ఇన్‌పెయింట్‌లో తల, తట్ట వరకే మాస్కు వేసి, మాస్కు వేసిన భాగం మాత్రమే అన్నది ఎంచండి. అప్పుడు ఆ చిన్న ముక్క పెద్దదై, తలకి మూడు గడుల బదులు ఇరవై పైన గడులు దొరుకుతాయి. తట్టకీ తలకీ మధ్య ముందే గింప్‌లో ఒక ఎర్ర గీత పెట్టి, 0.45తో నడపండి. మాస్కు అంచు దగ్గర ఎర్రరంగు తేడా కనిపిస్తే మాస్క్ బ్లర్ 4 నుంచి 10కి పెంచండి.