1.41421357, 1.41421355... ఇవి రెండు రూట్సా, ఒకటే రూట్ రెండుసార్లు వచ్చిందా?

మూలాన్వేషి:
అందరికీ నమస్తే. నా దగ్గర ఒక ఐదో డిగ్రీ పాలినోమియల్ ఉంది, f = x^5 - x^4 - 4x^3 + 4x^2 + 4x - 4. కంప్యూటర్‌లో రూట్స్ కనుక్కోమంటే 1 వచ్చింది, మిగతావి 1.41421357, 1.41421355 అని ఒక జత, మైనస్ వైపు అలాంటిదే ఇంకో జత. ఆ మైనస్ జతకి చివర్లో చిన్న i భాగం కూడా తగిలించింది, 10^-8 సైజులో. ఇప్పుడు ఇవి నిజంగా వేరువేరు రూట్సా లేక ఒకే రూట్ రెండుసార్లు వచ్చిందా అన్నది ఖాయంగా తెలియాలి, "దాదాపు ఒకటే" అంటే నా పని జరగదు. f కీ దాని డెరివేటివ్‌కీ జీసీడీ తీస్తే తెలుస్తుందని ఒకరు చెప్పారు, మొదలుపెట్టా కానీ మొదటి భాగహారంలోనే 25 లో వంతులు వచ్చి కూర్చున్నాయి. ఇది ఇలాగే ఉంటుందా?

రాత్రిబండి:
ఇంత కష్టం ఎందుకు బ్రో, చివరి సంఖ్య -4 కదా, దాని భాజకాలు 1, 2, 4 ప్లస్ మైనస్ పెట్టి చూడు, సున్నా ఇచ్చినదాంతో ఒకసారి భాగించి మళ్ళీ అదే పెట్టు. మళ్ళీ సున్నా వస్తే రిపీటెడ్. మేం ఎప్పుడూ అలాగే చేసేవాళ్ళం.

మూలాన్వేషి:
అది చేశానండి, 1 ఒక్కటే దొరికింది, అది ఒక్కసారే. మిగతా నాలుగూ పూర్ణ సంఖ్యలు కావు, భిన్నాలు కూడా కావు, ఆ పద్ధతికి అవి చిక్కవు.

లెక్కలమాస్టారు:
చిక్కవు. జీసీడీ పద్ధతి గొప్పతనమే అది బాబూ, రూట్ ఏంటో తెలియకుండానే రూట్ రిపీట్ అయిందో లేదో చెప్పేస్తుంది, మనం చేసేది కూడికలు, గుణకారాలు, భాగహారాలు మాత్రమే కాబట్టి √2 లాంటివి లెక్కలోకి అడుగే పెట్టవు.

ఎందుకు పనిచేస్తుందో ముందు చూడు. a అనే రూట్ m సార్లు ఉందనుకో, f = (x-a)^m · h, ఇక్కడ h(a) సున్నా కాదు. డెరివేటివ్ తీస్తే f' = (x-a)^(m-1) · (m·h + (x-a)·h'). ఆ బ్రాకెట్‌లో x = a పెడితే m·h(a) మిగులుతుంది, అది సున్నా కాదు. అంటే f' లో a సరిగ్గా ఒక్కసారి తగ్గుతుంది, అంతే. ఒక్కసారే ఉన్న రూట్ f' లో అసలు ఉండదు, రెండుసార్లు ఉన్నది ఒకసారి మిగులుతుంది. కాబట్టి f, f' లకి ఉమ్మడిగా ఉన్నవన్నీ రిపీటెడ్ రూట్సే, ఆ ఉమ్మడి భాగాన్ని బయటికి తీసేదే యూక్లిడ్ పద్ధతి.

భిన్నాల సంగతి. భాగించే ముందే పైదాన్ని ఒక సంఖ్యతో గుణించేసుకో. జీసీడీ విషయంలో గుణించిన స్థిరసంఖ్యకి విలువ లేదు, x^2 - 2 అన్నా 7x^2 - 14 అన్నా ఒకటే. నీ లెక్క చేసి చూపిస్తా.

f' = 5x^4 - 4x^3 - 12x^2 + 8x + 4. f ని 25 తో గుణించి f' తో భాగిస్తే భాగఫలం 5x - 1, శేషం -44x^3 + 48x^2 + 88x - 96. దీన్ని -4 తో భాగించి తేలిక చేస్తే 11x^3 - 12x^2 - 22x + 24, దీన్ని r అందాం.

ఇప్పుడు f' ని r తో భాగించాలి, ముందు కొసన 11 ఉంది కాబట్టి f' ని 121 తో గుణించుకో. భాగఫలం 55x + 16, శేషం -50x^2 + 100. -50 తీసేస్తే x^2 - 2.

ఇక r ని x^2 - 2 తో భాగిస్తే 11x - 12 సార్లు, శేషం సున్నా. ఆగిపోయాం. జీసీడీ x^2 - 2.

అంటే √2, -√2 రెండూ రిపీటెడ్ రూట్సే, ఇందులో "దాదాపు" ఏమీ లేదు. f ని x^2 - 2 తో భాగిస్తే x^3 - x^2 - 2x + 2, అంటే (x^2-2)(x-1), ప్రతి రూట్ ఒక్కొక్కసారే ఉన్న పాలినోమియల్. నీకు రూట్స్ విలువలు కావాలంటే కంప్యూటర్‌కి ఇది ఇవ్వు, శుభ్రంగా వస్తాయి.

రాత్రిబండి:
ఓహో, బాగుంది. అంటే జీసీడీ డిగ్రీ 2 వస్తే రెండు రిపీటెడ్ రూట్స్ ఉన్నట్టు, డిగ్రీ 3 వస్తే మూడు. సింపుల్.

లెక్కలమాస్టారు:
ఈ లెక్కలో అలా కుదిరింది గానీ ఎప్పుడూ కుదరదు. (x-1)^3 (x+2) తీసుకో, జీసీడీ (x-1)^2, డిగ్రీ 2, కానీ రిపీట్ అయిన రూట్ 1 ఒక్కటే. డిగ్రీ చెప్పేది వేరే సంగతి, f డిగ్రీలోంచి జీసీడీ డిగ్రీ తీసేస్తే వేరువేరు రూట్స్ ఎన్నో వస్తుంది, కాంప్లెక్స్‌వి కూడా కలుపుకుని. ఇక్కడ 4 - 2 = 2, అవి 1, -2. నీ లెక్కలో 5 - 2 = 3. ఏ రూట్ ఎన్నిసార్లు అని తేలాలంటే జీసీడీకీ దాని డెరివేటివ్‌కీ మళ్ళీ జీసీడీ తియ్యి, ఇంకా ఏదైనా మిగిలితే అది మూడుసార్లో అంతకంటే ఎక్కువో ఉన్నది.

చందమామ_77:
మా అబ్బాయికి కూడా ఇదే చాప్టర్ అండి, రెండు పాలినోమియల్స్ ఇచ్చి గ.సా.భా. అడుగుతున్నారు, కారణాంకాలుగా విడగొట్టి ఉమ్మడివి రాస్తున్నాడు, అది తప్పా? డెరివేటివ్ వాళ్ళకి ఇంకా రాలేదు.

లెక్కలమాస్టారు:
తప్పు కాదమ్మా, విడగొట్టగలిగినంత కాలం అదే తేలిక. యూక్లిడ్ పద్ధతి విడగొట్టడం రానప్పటికి. డెరివేటివ్ గొడవ ఇక్కడ రిపీటెడ్ రూట్స్ కోసం వచ్చింది, మీవాడికి అక్కర్లేదు.

కోడ్‌పిచ్చి:
చేత్తో అక్కర్లేదనుకునేవాళ్ళకి:

```python
from sympy import symbols, gcd, diff, sqf_list
x = symbols('x')
f = x**5 - x**4 - 4*x**3 + 4*x**2 + 4*x - 4
print(gcd(f, diff(f, x)))   # x**2 - 2
print(sqf_list(f))
```

రెండోది ఏ భాగం ఎన్నిసార్లు ఉందో కూడా ఇస్తుంది, x - 1 ఒకసారి, x^2 - 2 రెండుసార్లు.

ఒక్క జాగ్రత్త, గుణకాలు పూర్ణ సంఖ్యలుగానో భిన్నాలుగానో ఇవ్వండి, 4.0 అని దశాంశంలో ఇవ్వొద్దు. నేను మొదట్లో యూక్లిడ్‌ని ఫ్లోట్స్‌తో సొంతంగా రాసి చూశా, చివర్లో సున్నా రావాల్సిన శేషం 10^-15 లాంటిది వస్తుంది, ప్రోగ్రామ్ దాన్ని సున్నా కాదనుకుని దాంతో కూడా భాగించేసి, "జీసీడీ ఒక స్థిరసంఖ్య, రిపీటెడ్ రూట్స్ లేవు" అని ధీమాగా చెబుతుంది. తప్పు జవాబు ఇస్తున్నప్పుడు ఎర్రర్ కూడా రాదు, అదీ దీంతో చిక్కు.

మూలాన్వేషి చూసిన 1.41421357 కథ కూడా ఇదే కుటుంబం. ఫ్లోట్స్‌లో పొరపాటు 10^-16 దగ్గర మొదలవుతుంది కానీ రెండుసార్లున్న రూట్ దగ్గర అది వర్గమూలంగా బయటపడుతుంది, 10^-8. ఎనిమిదో దశాంశం దగ్గర విడిపోయిన జత కనిపిస్తే రిపీటెడ్ అని అనుమానించొచ్చు, మూడుసార్లున్నదైతే ఐదో దశాంశం దగ్గరే చెదిరిపోతుంది. అనుమానమే సుమా, రుజువు కాదు.

మూలాన్వేషి:
చేత్తో చేసింది, ప్రోగ్రామ్ ఇచ్చింది ఒకటే వచ్చాయి, థాంక్స్ మాస్టారు. కాకపోతే గుణించుకుంటూ పోతే సంఖ్యలు పెరిగిపోవా? ఇక్కడ 121 దాకా వచ్చింది, పదో డిగ్రీ అయితే?

లెక్కలమాస్టారు:
పెరుగుతాయి, భయంకరంగా. ఎప్పటినుంచో అందరూ చూపించే జత ఒకటుంది, x^8 + x^6 - 3x^4 - 3x^3 + 8x^2 + 2x - 5, ఇంకోటి 3x^6 + 5x^4 - 4x^2 - 9x + 21. వీటికి ఉమ్మడి కారణాంకం ఏమీ లేదు, కానీ మధ్యలో దేన్నీ తేలిక చెయ్యకుండా గుణించుకుంటూ పోతే చివరి శేషం 35 అంకెల సంఖ్య వస్తుంది. అందుకే నేను -4, -50 లాంటివి వెంటవెంటనే తీసేశా. ప్రతి శేషం దగ్గరా గుణకాల గ.సా.భా. తీసి పారేస్తే చేతి లెక్కకి చాలు.

గడియారంలెక్క:
నా కేసు కొంచెం వేరు, కోడింగ్ థియరీ పనిలో గుణకాలన్నీ mod 3 లో ఉంటాయి. x^4 + x^3 - x - 1 తీసుకుని మాస్టారు చెప్పినట్టే చేశా. f' = 4x^3 + 3x^2 - 1, mod 3 లో x^3 - 1. అది f ని నిశ్శేషంగా భాగిస్తుంది, జీసీడీ x^3 - 1. f ని దాంతో భాగిస్తే x + 1 మిగిలింది. కానీ 1 కూడా f కి రూటే కదా, అది ఎక్కడికి పోయింది? ప్రతి రూట్ ఒక్కొక్కటి మిగలాలన్నారు!

లెక్కలమాస్టారు:
మంచి చోట పట్టుకున్నావు. పైన m·h(a) సున్నా కాదన్నానే, mod 3 లో m = 3 అయితే అది సున్నానే. నీ f = (x-1)^3 (x+1). 1 మూడుసార్లు ఉంది, డెరివేటివ్‌లో ఒకటి తగ్గాల్సింది తగ్గలేదు, మూడూ జీసీడీలోకి వెళ్ళిపోయాయి, అందుకే భాగిస్తే 1 మాయమైంది.

జీసీడీ స్థిరసంఖ్య అయితే రిపీటెడ్ రూట్స్ లేవు, కాకపోతే ఉన్నాయి, ఇంతవరకు mod 3 లో కూడా నిజమే. చెడేది రెండో సగం, అంటే భాగించి శుభ్రం చేసుకోవడం, డిగ్రీ తీసేసి వేరువేరు రూట్స్ లెక్కపెట్టడం. గుర్తుపట్టడం ఎలాగంటే, మిగిలిన ముక్కకి డెరివేటివ్ పూర్తిగా సున్నా వస్తుంది, x^3 - 1 కి 3x^2, అంటే సున్నా. అలా వస్తే అది ఏదో ఒకదాని ఘనం అన్నమాట, x^3 ఉన్నచోట x రాసుకుంటే x - 1, అక్కడినుంచి మళ్ళీ మొదలుపెట్టు.

గడియారంలెక్క:
ఇప్పుడు అర్థమైంది, నా ప్రోగ్రామ్ కొన్ని రూట్స్ మింగేస్తున్నది ఇందుకేనేమో, 3 కి గుణిజాలైన m దగ్గరే చూస్తా.

సెన్సార్‌బాబు:
లేటుగా వచ్చా. మాకు గుణకాలు కొలతల్లోంచి వస్తాయి, నాలుగు దశాంశాలకి మించి నమ్మకం ఉండదు, వాటిని భిన్నాలుగా మార్చి ఇచ్చినా జీసీడీ ఎప్పుడూ 1 అనే వస్తోంది. ఏం లాభం?

కోడ్‌పిచ్చి:
అది నిజమైన జవాబే సార్, మీరిచ్చిన సంఖ్యలకి. పైన f లో -4 బదులు -4.0001 పెట్టి చూడండి, √2 దగ్గర జత సుమారు 0.0055 చొప్పున అటూఇటూ జరిగి రెండు వేరు రూట్స్ అయిపోతుంది, మైనస్ వైపు జత కాంప్లెక్స్ అయిపోతుంది. కచ్చితమైన జీసీడీ 1 అనే అంటుంది, అనాలి కూడా. మీకు కావాల్సింది "దగ్గర్లో రిపీటెడ్ రూట్ ఉన్న పాలినోమియల్ ఉందా" అన్న ప్రశ్న, శేషం ఇంతకంటే చిన్నదైతే సున్నా అనుకో అని హద్దు పెట్టి చేస్తారు.

సెన్సార్‌బాబు:
ఆ హద్దు ఎంత?

కోడ్‌పిచ్చి:
మీ కొలతల పొరపాటుని బట్టి. నేనైతే ప్రతి శేషాన్నీ దాని ముందు వచ్చినదాని సైజుతో పోల్చి చూస్తా.

లెక్కలమాస్టారు:
దాన్నీ పూర్తిగా నమ్మలేం. భాగించేదాని మొదటి గుణకమే చిన్నదైతే దాంతో భాగించిన ప్రతిసారీ పొరపాటు పెద్దదవుతుంది, అప్పుడు శేషం చిన్నగా ఉందా పెద్దగా ఉందా అన్న పోలికకే అర్థం పోతుంది. కొలతల లెక్కలకి నేను యూక్లిడ్ వాడను, f, f' ల గుణకాలతో సిల్వెస్టర్ మాట్రిక్స్ కట్టి దాని సింగులర్ వాల్యూస్ చూస్తా, ఎన్ని సున్నాకి దగ్గరగా ఉంటే జీసీడీ డిగ్రీ అంత అనుకోవచ్చు. అక్కడ కూడా "దగ్గర" అంటే ఎంత అని నువ్వే తేల్చుకోవాలి.

సెన్సార్‌బాబు:
రేపు మా గుణకాలతో రెండూ చేసి పోస్ట్ చేస్తా. రెండిటికీ వేరే జవాబు వస్తే ఏది నమ్మాలో అప్పుడు చెప్పండి.