పుట్టినరోజు కానుకలకు థాంక్స్: గ్రూపులో పేరుపేరునా చెప్పాలా, ఎవరికి వాళ్లకు రాయాలా?

కోనసీమ కోడలు: పోయిన ఆదివారం మా బాబు మొదటి పుట్టినరోజు చేశాం. నలభై మంది దాకా వచ్చారు. "విచ్చేసి ఆశీర్వదించిన అందరికీ ధన్యవాదాలు" అని పెడితే ఎవరూ చదవరని, ఫ్యామిలీ గ్రూపులో ఎవరు ఏమిచ్చారో పేరుపేరునా రాద్దామనుకున్నాను. మా ఆయన వద్దంటున్నారు. ఎవరిది కరెక్టు?

వరంగల్ వాడు: మీదే కరెక్టు. మా ఊళ్లో చదివింపులు మైకులో చదివేవాళ్లు, పేరుతో సహా, రూపాయలతో సహా. ఎవరూ నొచ్చుకోలేదు. పేరు లేని థాంక్స్ గోడ మీద పోస్టర్‌తో సమానం.

పాత డైరీ: పేరు ఉండాలన్నది నిజమే. కానీ చదివింపుల పుస్తకం లెక్క కోసం పుట్టింది. రేపు వాళ్లింట్లో శుభకార్యానికి మనం అంతకు తగ్గకుండా పెట్టాలి కాబట్టి రాసుకునేవాళ్లు. గ్రూపులో "అత్తయ్య బంగారు ఉంగరం, బాబాయి 516" అని పక్కపక్కన పడితే అదీ అలాంటి లెక్కే అవుతుంది. నొచ్చుకున్నవాళ్లు ఆ మాట మైకులో చెప్పరు కదా!

గ్రూపులో అందరికీ కలిపి రెండు లైన్లు చాలు. అసలు మాట విడిగా రాయండి. అందులో వస్తువు పేరు కన్నా వాళ్లు చేసిన పని ముఖ్యం. మా పాప పుట్టినరోజుకు మా పెదనాన్నగారు కవరిచ్చారు. ఆయనకు నేను రాసింది ఇది: "పెదనాన్నగారూ, లిఫ్ట్ పనిచేయకపోయినా మోకాళ్ల నొప్పితో మూడంతస్తులు ఎక్కి వచ్చారు. మీరు అక్షింతలు వేస్తుంటే పాప మీ కళ్లజోడు లాగిన ఫొటో పంపుతున్నాను. మీరిచ్చిన డబ్బు దాని పేరున పోస్టాఫీసులో వేశాం." అంకె ఎక్కడా రాయలేదు. డబ్బు ఎటు వెళ్లిందో మాత్రం చెప్పాను.

ఇంకొక ఆవిడ స్టీలు గిన్నె మీద పాప పేరు కొట్టించి తెచ్చారు. "గిన్నె బాగుంది" అంటే ఏ గిన్నెకైనా సరిపోతుంది. "పేరులో దీర్ఘం తప్పు పోకుండా మీరు దుకాణంలో దగ్గరుండి కొట్టించారని అమ్మ చెప్పింది, దానికి ఉగ్గు అందులోనే పెడుతున్నాం" అని రాశాను. రాశాక పేరు మార్చి ఇంకొకరికి పంపగలరేమో చూడండి. పంపగలిగితే మళ్లీ రాయాల్సిందే.

బెజవాడ బాబ్జీ: రిటర్న్ గిఫ్టుగా మేము స్టీలు డబ్బాలిచ్చాం. ప్లాస్టిక్ వద్దు, ఎవరూ వాడరు.

కోనసీమ కోడలు: బాబ్జీ గారూ, రిటర్న్ గిఫ్టులు ఆ రోజే ఇచ్చేశామండీ. ఇది వచ్చిన కానుకల గురించి. డైరీ గారూ, నలభై రాయాలంటే టెన్షన్‌గా ఉంది!

పాత డైరీ: నలభై మంది అంటే ఇళ్ల లెక్కన పదిహేనో పదహారో ఉంటాయి. ఇంటికొకటి, రోజుకు నాలుగు. పెద్దవాళ్లకు ఫోన్ చేయండి, చిన్న అక్షరాలు చదవలేరు.

నెల్లూరు నీరజ: నా అనుభవం వినండి. ప్యాకెట్లన్నీ పిల్లలు ఒకేసారి చించేశారు, పేర్ల చీటీలు ఊడిపోయాయి. చెక్క గుర్రం మా ఆడపడుచు ఇచ్చిందనుకుని నాలుగు లైన్లు రాశాను. అది ఇచ్చింది తోడికోడలు! నేను రాసింది ఇద్దరూ ఒకరికొకరు చూపించుకున్నారు. అప్పటినుంచి ఒకరు విప్పుతుంటే ఇంకొకరం పాత క్యాలెండరు వెనక రాసుకుంటాం. ఎవరిదో తెలియకపోతే వస్తువు ఊసెత్తం, వాళ్లు వచ్చి చేసిన సాయం గురించే రాస్తాం.

మేష్టారు: అసలు మనలో మనకు ఈ థాంక్సులేమిటి? మా మేనత్తకు ధన్యవాదాలు అని రాస్తే "నన్ను పరాయిదాన్ని చేశావా" అని వారం మాట్లాడలేదు.

పాత డైరీ: అది నిజమే మేష్టారూ. నా రెండు ఉత్తరాల్లోనూ ఆ మాట లేదు, చూడండి.

మేష్టారు: మాట లేకపోయినా అర్థం అదేగా. ఎదురుపడ్డప్పుడు చెప్తే సరిపోదా?

కోనసీమ కోడలు: విడిగానే రాస్తాను. కానీ ఒక చిక్కు. మా చిన్నమామయ్య వాకర్ ఇచ్చారు. పడిపోయే ప్రమాదముంది, వాడొద్దని పిల్లల డాక్టరు చెప్పారు. "రోజూ అందులోనే తిరుగుతున్నాడు" అని రాసేయనా?

నీరజ: రాసేయండి, ఆయనకు సంతోషం.

పాత డైరీ: వద్దు. వచ్చే నెల ఆయన మీ ఇంటికొచ్చి "ఏదీ, ఎక్కించండి చూద్దాం" అంటే? బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చి ఉంటారు కదా, అది రాయండి. డాక్టరు మాట ఫోన్‌లో చెప్పండి.

కోనసీమ కోడలు: ఒళ్లో కాదండీ, స్కూటర్ ముందు నిలబెట్టి తెచ్చారు. పైన వాన. అట్టపెట్టె తడిసిపోయినా దాన్ని బాబు ఇంకా వదలట్లేదు, లోపల దూరి దాక్కుంటున్నాడు. అదే రాస్తున్నాను.