‘ణమో అరిహంతాణం’లో ‘ణం’ ఏ విభక్తి? చదివేటప్పుడు ఊపిరి ఎక్కడ?

మాధవి: జైనుల నమస్కార మంత్రం గురించి రెండు సందేహాలు. సంస్కృతంలో ‘నమః’ పక్కన చతుర్థి రావాలి కదా: రామాయ నమః, గణేశాయ నమః. ఇక్కడ ఐదు చోట్లా ‘ణం’ ఉంది. ఇది ద్వితీయా, షష్ఠా? రెండోది, దీన్ని ఊపిరితో కలిపి చదువుతారని విన్నాను. ఏ మాట పీల్చేటప్పుడు, ఏ మాట వదిలేటప్పుడు? నా దగ్గరున్న పాఠం ఇది:

ణమో అరిహంతాణం
ణమో సిద్ధాణం
ణమో ఆయరియాణం
ణమో ఉవజ్ఝాయాణం
ణమో లోఏ సవ్వసాహూణం

ఏసో పంచణమోక్కారో సవ్వపావప్పణాసణో
మంగలాణం చ సవ్వేసిం పఢమం హవఇ మంగలం

కిరణ్: ఇది పాళీ అండీ. బౌద్ధుల ‘నమో తస్స భగవతో అరహతో’ లాంటిదే. అరి అంటే శత్రువు, హంత అంటే చంపినవాడు. ‘ణం’ ద్వితీయ అయ్యుంటుంది, రామం, కృష్ణం అన్నట్టు.

రామ్మూర్తి: కిరణ్ గారూ, మీరిచ్చిన పోలిక బాగుంది గానీ రెండు సవరణలు. ఇది పాళీ కాదు, జైన ప్రాకృతం. ‘ణం’ ద్వితీయ కాదు, షష్ఠీ బహువచనం. సంస్కృతంలో ‘సిద్ధానాం’ అనేదే ప్రాకృతంలో ‘సిద్ధాణం’. ప్రాకృతంలో చతుర్థి దాదాపు కనుమరుగై, దాని పని షష్ఠి మీద పడింది. మీరు చెప్పిన పాళీ వాక్యంలో ‘తస్స’, ‘అరహతో’ కూడా షష్ఠి రూపాలే, అందుకే మీ పోలిక సరిగ్గా కుదిరింది.

మాధవి గారూ, మన వాడుకే చూడండి. ‘సిద్ధులకు నమస్కారం’ అంటాం. ఆ ‘కు’ ఏ విభక్తి? ‘కొఱకున్, కై’ చతుర్థి; ‘కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్’ షష్ఠి అని బళ్లో వల్లె వేసినవాళ్ళమే. అంటే నమస్కారం దగ్గర తెలుగూ షష్ఠినే వాడుతోంది. సంస్కృతం వైపు నుంచి వస్తే ‘సిద్ధాణం’ వింతగా కనిపిస్తుంది. తెలుగు వైపు నుంచి వస్తే అందులో వింతేమీ లేదు.

మాధవి: ‘కు’ షష్ఠి అని చదివి కూడా ఇన్నాళ్ళూ ఇటు తిప్పి చూడలేదు. ధన్యవాదాలండీ. మరి ‘అరి’ శత్రువు అన్నది?

రామ్మూర్తి: ఆ అర్థం సంప్రదాయంలో ఉన్నదే, కిరణ్ గారు కల్పించలేదు. అక్కడ శత్రువు బయటివాడు కాదు, రాగద్వేషాలూ కర్మలూ. అయితే మాట పుట్టుక వేరు. ‘అర్హత్’, అంటే పూజకు తగినవాడు, దాని నుంచి ‘అరహంత’ వచ్చింది. అదే ‘అరిహంత’, ‘అరుహంత’ అని కూడా పలికింది. పలుకు మారిన చోటల్లా వ్యాఖ్యాతలు ఒక కొత్త అర్థం విప్పారు. ‘అరుహంత’కు వేయించిన విత్తనంలా మళ్ళీ మొలకెత్తనివాడు, అంటే మరుజన్మ లేనివాడు అని చెబుతారు.

ఒడిశాలో ఉదయగిరి మీద కళింగ రాజు ఖారవేలుడి హాథీగుంఫా శాసనం ‘నమో అరహంతానం, నమో సవసిధానం’ అని మొదలవుతుంది. అందులో ‘రి’ లేదు, ‘ర’ ఉంది. రెండు నమస్కారాలే ఉన్నాయి, ఐదు లేవు. ‘ణ’ బదులు అన్నిచోట్లా ‘న’. ‘సవ’, ‘సిధ’ అని ఒత్తులు లేకుండా ఉండటం మాత్రం చూసి కంగారు పడక్కర్లేదు, ఆ కాలపు బ్రాహ్మీ రాతలో ప్రాకృతపు ద్విత్వాన్ని మామూలుగా రాయరు.

కిరణ్: పాళీ అన్నది నా పొరపాటే. కానీ ఒకటి అడుగుతా. ‘ణ’తో మొదలయ్యే మాట తెలుగులో లేదు, నోరు తిరగదు. ‘నమో’ అంటే తప్పా?

రామ్మూర్తి: తప్పు కాదు. ప్రాకృత వ్యాకరణం రాసినవాళ్ళలో వరరుచి ‘నో ణః సర్వత్ర’ అన్నాడు, అంటే ఎక్కడున్నా ‘న’ను ‘ణ’ చెయ్యమని. హేమచంద్రుడు మాట మొదట్లో దాన్ని వైకల్పికం చేశాడు. దిగంబరులు ఎక్కువగా ‘ణమో’ అంటారు, శ్వేతాంబరుల్లో ‘నమో’ బాగా వినిపిస్తుంది. మీరు ఎక్కడ నేర్చుకుంటే అక్కడి పలుకే పట్టుకోండి. మొదటి వరుసలో ‘నమో’, మూడో వరుసలో ‘ణమో’ అని మాత్రం కలపకండి. చివరి ‘ణం’ను ‘నం’ చెయ్యడం వేరే సంగతి. అక్కడ ‘ణ’ను రెండు సంప్రదాయాలూ నిలుపుతాయి.

జయశ్రీ: నేను నాలుగు నెలలుగా రోజూ 27 సార్లు చదువుతున్నాను, ఒంటి ధ్యాస వదిలి కదలకుండా చేసే కాయోత్సర్గానికి 27 అని ఎవరో చెప్పారు. సగానికే ఆయాసం వస్తోంది. పీల్చి మంత్రమంతా అయ్యేదాకా బిగబట్టాలి కదా?

పద్మజ: జయశ్రీ గారూ, ఆ 27 మంత్రాల లెక్క కాదమ్మా, శ్వాసల లెక్క. ఆయాసం ఎందుకొస్తోందో అక్కడే తెలిసిపోతోంది. ఒక మంత్రానికి మూడు శ్వాసలు. తొమ్మిది మంత్రాలకు 27. దిగంబర పద్ధతిలో ఇలా చేస్తారు:

మొదటి శ్వాస: ‘ణమో అరిహంతాణం’ అనుకుంటూ పీల్చండి, ‘ణమో సిద్ధాణం’ అనుకుంటూ వదలండి.
రెండో శ్వాస: ‘ణమో ఆయరియాణం’తో పీల్చి, ‘ణమో ఉవజ్ఝాయాణం’తో వదలండి.
మూడో శ్వాస: ‘ణమో లోఏ’తో పీల్చి, ‘సవ్వసాహూణం’తో వదలండి.

బిగబట్టడం ఎక్కడా లేదు. మాట పైకి అనకూడదు, పెదవులు కదలకూడదు. పైకి అంటే పీల్చేటప్పుడు పలకడం కుదరదు కాబట్టి లెక్క మొత్తం తప్పుతుంది. నిలబడి చేస్తే పాదాల మధ్య నాలుగు అంగుళాల ఎడం, అంటే నాలుగు వేళ్ళ వెడల్పు, చేతులు ఒంటిని తాకకుండా కిందికి వేలాడాలి. నిలబడలేకపోతే కూర్చుని చెయ్యవచ్చు.

చాలామందికి తడబాటు వచ్చేది మూడో శ్వాసలో. మొదటి నాలుగు వరుసలూ ఒక్కో సగం శ్వాసకు ఒక్కోటి అమరుతాయి. ఐదో దానిలో తొమ్మిది అక్షరాలు. ఆ వేగంలోనే పోతూ వరుసంతా ఒక్క పీల్పులో పెట్టేస్తారు. అప్పుడు వదలడానికి మాట మిగలదు, తర్వాతి మంత్రంలో ‘అరిహంతాణం’ వదిలే ఊపిరి మీద పడుతుంది. అక్కడి నుంచి అన్నీ తలకిందులే. మీరు తప్పారో లేదో తెలియాలంటే, ప్రతిసారీ ‘సిద్ధాణం’ దగ్గర ఊపిరి బయటికి పోతోందా లేదా చూసుకోండి, చాలు.

జయశ్రీ: అమ్మయ్య. అయితే జపమాల 108 కూడా శ్వాసలేనా?

పద్మజ: కాదు, అవి మంత్రాలే. ఒక పూసకు ఒక మంత్రం. 108కి 324 శ్వాసలు పడతాయి. నిమిషానికి పన్నెండు నుంచి పదిహేను శ్వాసల చొప్పున 22 నుంచి 27 నిమిషాలు. మీ మాల పది నిమిషాల్లో అయిపోతోందంటే శ్వాసతో కలవడం లేదని అర్థం. శ్వాసతో కలపకుండా మామూలుగా చేసే జపమూ ఉంది, దానికి ఈ లెక్క వర్తించదు. మాల లేకపోతే కుడిచేతి నాలుగు వేళ్ళ మీద 12 లెక్కపెట్టి, పన్నెండు అయిన ప్రతిసారీ ఎడమచేతి మీద ఒకటి. ఎడమచేతిలో తొమ్మిది నిండితే 108.

మాధవి: ‘ఉవజ్ఝాయ’ దగ్గర నాకు నోరు తిరగడం లేదు. ‘ఉవజ్జాయ’ అనేస్తున్నాను.

రామ్మూర్తి: ఆ ఒత్తు ఊరికే రాలేదు. ‘ఉపాధ్యాయ’లో ‘ధ్య’ ఉంది. ప్రాకృతంలో ‘ధ్య’ ‘జ్ఝ’ అవుతుంది: సంధ్య ‘సంఝ’ అయింది, అక్కడి నుంచే మన ‘సంజ’. ‘ఉవజ్ఝాయ’ అరిగి అరిగి మన ‘ఒజ్జ’ దాకా వచ్చింది, ‘ఒజ్జబంతి’లోని ఒజ్జే. తెలుగు ఆ ఒత్తును వదిలేసింది కాబట్టి మీ నోరూ వదిలేస్తోంది. ‘జ్’ దగ్గర ఒక్క క్షణం ఆగి ‘ఝా’ అనండి, వస్తుంది. ‘సాధు’ నుంచి ‘సాహు’, ‘లోకే’ నుంచి ‘లోఏ’, ‘ఆచార్య’ నుంచి ‘ఆయరియ’ కూడా ఇలాగే. ‘లోఏ’ను ‘లోయే’ అని రాసేవాళ్ళున్నారు, ఆ ‘యే’ మన నోటి అలవాటు.

ఐదూ పదవులే, ఒక్క మనిషి పేరూ లేదు. ఎనిమిది కర్మల్లో ఆత్మ గుణాలను దెబ్బతీసే నాలుగింటిని ఘాతికర్మలంటారు; శరీరంతో ఉండి వాటిని పోగొట్టుకున్నవారు అరిహంతులు. ఎనిమిదీ పోయి శరీరమూ లేనివారు సిద్ధులు. సంఘాన్ని నడిపేవారు ఆచార్యులు, ఆగమాలు చెప్పేవారు ఉపాధ్యాయులు, తక్కిన మునులంతా సాధువులు.

కిరణ్: సిద్ధులు పైమెట్టు అయితే వాళ్ళే ముందుండాలిగా? ఇంకోటి, ‘లోకంలోని అందరు’ అన్నది సాధువులకే ఎందుకు?

రామ్మూర్తి: సిద్ధులున్నారని చెప్పేది అరిహంతులే. బోధ అక్కడి నుంచి వస్తోంది కాబట్టి మొదటి దండం వారికి. రెండో ప్రశ్నకు ధవళా వ్యాఖ్యలో జవాబుంది: ‘లోఏ’, ‘సవ్వ’ అంత్యదీపకాలు. చివర పెట్టిన దీపం వెనక వరుసలన్నిటికీ వెలుగిచ్చినట్టు, ఆ రెండు మాటలూ ఐదింటికీ వర్తిస్తాయి. ఖారవేలుడి శాసనంలో ‘సవ’ సిద్ధుల పక్కనే ఉంది కదా, నాకు అది గుర్తొస్తుంది.

పద్మజ: రామ్మూర్తి గారూ, ‘హవఇ’ సంగతి కూడా చెప్పండి. నేను నేర్చుకున్నది ‘పఢమం హోఇ మంగలం’.

రామ్మూర్తి: ఇది తేలని పేచీ. పై ఐదు వరుసలూ వచనం, 35 అక్షరాలు. కింది రెండు వరుసలూ అనుష్టుప్ శ్లోకం. పాదానికి ఎనిమిది ఉండాలి. లెక్కపెట్టండి: ‘ఏసో పంచణమోక్కారో’ ఎనిమిది, ‘సవ్వపావప్పణాసణో’ ఎనిమిది, ‘మంగలాణం చ సవ్వేసిం’ ఎనిమిది. ‘పఢమం హవఇ మంగలం’ తొమ్మిది. ‘హోఇ’ అంటే ఎనిమిదికి సరిపోయి, ఐదో అక్షరం ‘ఇ’ లఘువు, ఆరోది ‘మం’ గురువు, ఏడోది ‘గ’ లఘువు, అచ్చంగా శ్లోక లక్షణం. ఛందస్సు వైపు నుంచి నా మొగ్గు ‘హోఇ’కే.

పద్మజ: కానీ 68 అక్షరాల మంత్రం అని శ్వేతాంబరుల్లో గట్టి మాట ఉంది. 35కి 33 కలిస్తేనే 68. ‘హోఇ’ అంటే 67 అవుతుంది. వాళ్ళకు అక్షరం తగ్గించడమంటే చిన్న సంగతి కాదు.

రామ్మూర్తి: అవును, అందుకే దిద్దండి అని ఎవరికీ చెప్పను. రెంటికీ సంస్కృతంలో ‘భవతి’యే మూలం, అర్థంలో తేడా లేదు. ‘హవ’ రెండు లఘువులూ ఒక గురువు చోట కూర్చున్నాయని సర్దుకోవచ్చు, కానీ అది సర్దుబాటే.

మాధవి: నా పుస్తకంలో ‘హవఇ’ ఉంది, అదే ఉంచుకుంటాను. ఇంకో చిన్న సందేహం: ‘సవ్వపా వప్పణాసణో’ అని మధ్యలో విరిచి అచ్చేశారు. అది తప్పే కదా?

రామ్మూర్తి: తప్పే. ‘సవ్వ పావ ప్పణాసణో’, సర్వ పాప ప్రణాశనః. ‘ప్ర’లోని రేఫ పోయి ‘ప్ప’ అయింది. విరవాల్సి వస్తే ‘పావ’ తర్వాతే విరవండి.

జయశ్రీ: ఇవాళ తొమ్మిదే చేశాను. ఐదోసారి ‘లోఏ’ దగ్గర తప్పింది, ‘సిద్ధాణం’ దగ్గర ఊపిరి లోపలికి పోవడంతో పట్టుకున్నాను. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాలా?

పద్మజ: నేను నేర్చుకున్న చోట ఆ ఒక్క మంత్రాన్నే మళ్ళీ చెయ్యమంటారు. మొదటి నుంచి చెయ్యమనేవాళ్ళూ ఉన్నారు. మీకు చెప్పినవారిని అడగండి.